బనీన్లు ఉతికిన కెప్టెన్

కరీంనగర్ టోర్నమెంటులో ఒకే కూతలో పదకొండు మందిని ఔట్ చేసి గీత దాటి వచ్చాను. ఈ మాట హోటల్ బల్లల దగ్గర ఎన్నేళ్లుగా చెబుతున్నానో నాకే తెలియదు. ఈ మధ్య ఒక రిటైరైన డ్రిల్ మాస్టరు టీ గ్లాసు కింద పెట్టి, "కబడ్డీల ఎదుటి పక్క ఉండేదే ఏడుగురు గదా సార్" అన్నాడు. "మిగిలిన నలుగురు చూడవచ్చినోళ్లు. నన్ను ఆపుదామని ఉరికొచ్చిన్రు" అన్నాను. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

అసలు సంగతి, ఆ రోజు నేను ఔట్ చేసింది ఒక్కణ్ణి. వాణ్ణి కూడా నేను ముట్టుకోలేదు. నాకు భయపడి కాదు, కాలు జారి, వాడే పక్క గీత దాటాడు.

ఇలాంటి అబద్ధాలు నాకు చాలా ఉన్నాయి. ఎవరికీ నష్టం లేనివి. చెప్పిన నాకూ విన్నవాళ్లకూ పొద్దుపోతుంది. నేను రాయబోయేది మాత్రం వాటిలోది కాదు. దాన్ని నేను చెప్పను కూడా లేదు. నోరు మూసుకుని ఊరుకున్నాను, అంతే. అది ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. హుస్నాబాద్ వైపు ఒక చిన్న ఊళ్లో హైస్కూలు పదో తరగతి చదువుతున్నాను. మా బాపు ఆ ఊరి మాలీ పటేలు, శిస్తు వసూలు ఆయన చేతిలో ఉండేది. బడికి ఆటస్థలం లేకపోతే, బడి వెనక సాగు లేక పడావు పడి ఉన్న మా చెలకలో ఒక ముక్క ఆడుకోనిచ్చాడు. ఆ నెలలోనే నేను కబడ్డీ జట్టుకు కెప్టెన్నయ్యాను. జట్టంతా ఏకగ్రీవంగా ఎన్నుకుందని చెబుతుంటాను. అదీ నిజమే. మా డ్రిల్ సారు వరసగా నిలబెట్టి, "కెప్టెన్ ఎవలు కావాలె? చెయ్యి లేపుండ్రి" అన్నాడు. నా పేరు తనే చెప్పాడు. చెప్పి, చేతులు ఎవరెవరు ఎత్తుతున్నారో మీసం దువ్వుకుంటూ చూశాడు. అందరూ ఎత్తారు. నేను కూడా ఎత్తాను.

నాకు దమ్ము లేదు. కూత పట్టి ఎదుటి పక్కకు పోతే పది అడుగులకే ఊపిరి తెగేది. పట్టు కూడా అంతంతే. జట్టులో అసలైన ఆటగాళ్లు ముగ్గురు. ఒకడు చాకలి ఇంటి పిల్లవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కూతకు పోతే వాడి కాలు ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. వాణ్ణి అందరూ కూతగాడు అనేవారు. రెండోవాడు మగ్గాల ఇంటివాడు. పొద్దున కండెలు చుట్టి బడికి వచ్చేవాడు, సాయంత్రం పోయి మళ్లీ చుట్టేవాడు. మూలన నిలబడి ఎదుటివాడి మడమ పట్టాడంటే విడిచేది లేదు. మూడోవాడి తండ్రి నస్పూర్ దగ్గర బొగ్గు బాయిలో పనిచేసేవాడు. వీడు మా ఊళ్లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. పేరు పెట్టి పిలవడం ఎందుకని నస్పూరోడు అనేవాళ్లం. వాడు అక్కడి మరాఠీ పిల్లలతో ఆడి వచ్చినవాడు కాబట్టి కూత మధ్యలో "కబడ్డీ" మరిచిపోయి "హుతూతూ" అనేవాడు. అంతే, ఔట్.

ఒకరోజు సారు మమ్మల్ని చెలకలో నిలబెట్టి కాలితో నేల తన్నాడు. బూటు కింద రాయి ఖణేలుమంది.

"అరే, గిది గ్రౌండా? గీన్ల పడితె మోకాలు చిప్ప ఎగిరిపోతది. ఇరవై దినాలున్నయి టోర్నమెంటుకు. జానెడు లోతు తవ్వాలె, రాళ్లేరాలె, నీళ్లు కొట్టాలె, చదును చెయ్యాలె, గీతలు గియ్యాలె. మూడో సనివారం వచ్చి చూస్త. గ్రౌండు తయారుండాలె, పన్నెండు మంది ఉండాలె. లేకుంటె పేరు పంప. బిల్కుల్ పంప."

"చేపిస్త సార్" అన్నాను నేను.

సారు నా వంక తిరిగాడు. "చేపిస్త అనకురా. చేస్తం అను" అన్నాడు. ఆ రెండు మాటలకూ తేడా ఏముందో నాకప్పుడు తెలియలేదు. ఆయనకు తెలుగు సరిగా రాదనుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని పనుల పట్టీ రాశాను. మా బాపు ఊళ్లో పనులు ఎలా పంచుతాడో పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి. పెద్ద ఆలోచన చేయాల్సిన పని కూడా పడలేదు. బడి పెట్టెలో పాత బనీన్లు పన్నెండు మురికి కంపు కొడుతూ ఉన్నాయి. అవి ఉతకడం కూతగాడికి. వాటి మీద ఊడిపోయిన అంకెలు కుట్టడం మగ్గాల ఇంటివాడికి. తవ్వడం నస్పూరోడికి, ఎందుకంటే వాళ్ల బాపు భూమి లోపల తవ్వేవాడు. కిరాణా దుకాణం ఇంటి పిల్లవాడికి సున్నం తేవడం. ఇలా పన్నెండు మందికి. నా పేరు ఎదురుగా "పర్యవేక్షణ" అని రాసుకున్నాను. ఆ మాట పాఠంలో కొత్తగా వచ్చింది.

ఎవరి చేతికి ఏ పని అలవాటో వాళ్లకు ఆ పని. ఇంతకంటే తెలివైన పంపకం ఉండదనుకున్నాను. మరునాడు చెలకలో నిలబడి గట్టిగా చదివాను. కూతగాడు నేల మీద బొటనవేలితో గీతలు గీస్తున్నాడు.

నస్పూరోడు నవ్వాడు. "పటేలా, గిది మీ బాపు రాసిచ్చిండా?"

"నేనే రాసిన."

"మరి గా ఆఖరు పని ఏంది? పర్య... ఏందది?"

"అంటే చూసుకునుడు."

"చూసుడు గూడ పనేనారా!" అన్నాడు మగ్గాల ఇంటివాడు. "గట్లయితె మా ఇంటి ముంగట కుక్క పొద్దంత పనే చేస్తది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కెప్టెన్‌కు ఓర్పు ఉండాలని.

తెల్లారి ఎవరూ రాలేదు. ఆ మరునాడు ఇద్దరొచ్చి, పార ఎక్కడుందని అడిగి, లేదంటే వెళ్లిపోయారు. మూడోనాడు నేనొక్కణ్ణే నా పట్టీతో నిలబడ్డాను. అప్పుడు నాకు తట్టిందేమిటంటే, ఇంటింటికీ పోయి పిలుచుకు రావాలని. ఇది నేను ఇతరులకు చెప్పేటప్పుడు, "నాయకుడు అహంకారం విడిచి గడప గడపకూ పోవాలి" అంటాను. పోయింది ఒక్క గడపకే. కూతగాడి ఇంటికి. వాడొస్తే మిగతావాళ్లు వస్తారని.

వాళ్ల అమ్మ వాకిట్లో తడి బట్టలు దులుపుతోంది. నన్ను చూసి చేతిలో బట్ట కింద పెట్టి, కొంగు సర్దుకుని లేచింది.

"చిన్న పటేలా, మీరెందుకు వచ్చిన్రు బాంచెన్? కబురు పంపితె నేనే రాకపోదునా? బట్టలున్నయా?"

"బట్టలు కాదు. వీడు ఆటకు వస్తలేడు."

ఆమె గుడిసెలోకి తిరిగి పిలిచింది. కూతగాడు బయటికి వచ్చాడు. చెలకలో నన్ను "అరేయ్" అని పిలిచేవాడు. ఒకసారి ఆటలో నా మెడ పట్టి నేలకు అదిమినవాడు. ఆమె వాడి భుజం మీద చిన్నగా పొడిచింది. వాడు చేతులు కట్టుకున్నాడు.

"పటేలు పిలుస్తె పోవా? ఏం పోయే కాలం నీకు? రేపటి నుంచి పోతడు బాంచెన్. ఏ పని చెప్తె గా పని చేస్తడు."

వాడు నేల చూస్తూ, "పోత పటేలా" అన్నాడు.

నేను ఇక్కడ అబద్ధం ఆడను. అప్పుడు నాకు సిగ్గు వేయలేదు. హాయిగా అనిపించింది. పదకొండు మంది ముందు పట్టీ చదివితే రాని మాట, ఒక పాత గుడిసె వాకిట్లో ఊరికే వచ్చేసింది. ఇంటికి వస్తూ ఈల వేశాను.

తెల్లారి వాడు వచ్చాడు. నెత్తి మీద మూట. మేం ఐదారుగురం చెలక గట్టు మీద కూర్చుని ఉన్నాం. వాడు మూట నా కాళ్ల దగ్గర దించి, ముడి విప్పి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. బడి పెట్టెలోంచి తీసుకుపోయి ఉతికిన పన్నెండు బనీన్లు, తెల్లగా, అంచు మీద అంచు పడేలా మడిచి ఉన్నాయి.

"అన్ని ఉన్నయో లేవో చూసుకోండ్రి పటేలా."

"ఏందిరా, గట్ల మాట్లాడుతున్నవ్? ఆడుదాం రా."

"బట్టలు తెమ్మన్నరు, తెచ్చిన. ఇగ నా పని అయిపోయింది. పోయొస్త."

వెళ్లిపోయాడు. గట్టు మీద ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి దులుపుకుని వెళ్లారు. మగ్గాల ఇంటివాడు మాత్రం ఆగాడు. ఒక బనీను తీసి చూసి మళ్లీ అక్కడే పెట్టాడు.

"నీకు సమజ్ అయితలేదా?" అన్నాడు.

"ఏం సమజ్ గావాలె? వాళ్లకు వచ్చిన పనే ఇచ్చిన గదా."

"గదేరా! పొద్దున లేస్తె నాకు కండెలు, వానికి మూటలు. సాయంత్రం గీ ఒక్క గంట గా ఇంటి పని యాదికి రావద్దనే ఈడికి వస్తం. గీడ వాడు కూతగాడు. చాకలోడు గాదు. నువ్వొచ్చి, గీ గంటల గూడ మా ఇంటి పనే పంచినవ్."

వాడు అంత మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను.

"మరేం జెయ్యాలె?" అన్నాను చివరికి.

"చీటీలెయ్యి. ఎవని కర్మకు ఏదొస్తె అది. నీది గూడ వెయ్యి. పర్య... గా ముచ్చట లేకుండ."

పన్నెండు చీటీలు రాశాం. నాలుగింటి మీద తవ్వుడు, మూడింటి మీద నీళ్లు, రెండింటి మీద రాళ్లు, రెండింటి మీద గీతలు, ఒక్కదాని మీద బనీన్లు. టోర్నమెంటు దాకా ఇవే, ఆ తర్వాత వారం వారం మళ్లీ వేయాలి. కూతగాణ్ణి పిలుచుకు రావడానికి ఈసారి మగ్గాల ఇంటివాడే వెళ్లాడు. ఏం చెప్పాడో తెలియదు, ఇద్దరూ కలిసి వచ్చారు. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, "నేనొక ఉపాయం ఆలోచించిన" అని మొదలుపెట్టాను. మగ్గాల ఇంటివాడు నా ముఖంలోకి చూసి, చీటీలున్న టోపీ ముందుకు జరిపాడు.

దుకాణం ఇంటి పిల్లవాడికి తవ్వుడు వచ్చింది. వాడు పార పట్టుకోవడం చూసి నస్పూరోడు కడుపు పట్టుకుని నవ్వి, తర్వాత తనే దగ్గర నిలబడి నేర్పాడు. నస్పూరోడికి గీతలు వచ్చాయి. తాడు కట్టి, మధ్య గీత, రెండు పక్కలా కూతకు పోయినవాడు తప్పకుండా దాటి రావాల్సిన గీతలు, అన్నీ బడి స్కేలుతో కొలిచినట్టు గీశాడు. కూతగాడికి నీళ్లు. మగ్గాల ఇంటివాడికి రాళ్లు. నా చీటీ విప్పితే, బనీన్లు.

అరుపులు, ఈలలు. "పటేలు ఉతుకుతడట! పటేలు ఉతుకుతడట!" అని చెలక చుట్టూ ఉరికారు. నేను చీటీ పైకెత్తి చూపించి, "ఉతుకుత! ఎందుకుతుక?" అన్నాను. కూతగాడు కూడా ఆ రోజు నవ్వాడు. అందరం పనిలో పడ్డాం. నేను కూడా పార పట్టాను, నా వంతు కాకపోయినా. అరచేతుల్లో బొబ్బలు వచ్చాయి. వారం రోజులు ఆ మెత్తటి మట్టిలో బనీన్లు వేసుకుని పట్లు సాధన చేశాం. ఆదివారం నాటికి అవి ఎర్రగా, చెమటతో అట్టలు కట్టి ఉన్నాయి. మూట కట్టుకుని ఇంటికి తెచ్చాను.

పెరట్లో బావి గట్టు మీద పెట్టి కూర్చున్నాను. సబ్బు కూడా తెచ్చుకున్నాను. మొదటి బనీను తడపగానే మా పెద్దవ్వ చూసింది. "నీకేం గతి పట్టిందిరా! ఎవలెవల చెమటో అది. నలుగురు చూస్తె ఏమనుకుంటరు?" అంది. తప్పు ఆమె మీదికి తోయడం సులువు గానీ, ఆమె ఒక్క మాటే అని లోపలికి పోయింది. తర్వాత నేను చేసింది నేనే చేశాను. పెరటి మూలన ఇంటి మైల బట్టల కుప్ప ఉంది. కూతగాడి అమ్మ వచ్చి తీసుకుపోయేది. ఈ పన్నెండూ ఆ కుప్పలో, దుప్పట్ల అడుగున దోపాను. అవి వాగు దగ్గర తేలేవరకు ఎవరికీ కనబడవు.

ఎవరి చేతికి పోతున్నాయో నాకు తెలియదా? తెలుసు. తెలిసే అడుగున దోపాను.

బుధవారం బట్టలు తిరిగొచ్చాయి. దుప్పట్ల మధ్య బనీన్లు తెల్లగా మెరుస్తున్నాయి. నేను వాటిని విప్పి, కొంచెం నలిపి, అంచులు తప్పేలా మళ్లీ మడిచాను. నా చేతి పని లాగా ఉండాలి కదా.

గ్రౌండులో వాటిని చూసి జట్టంతా నోరు తెరిచింది. నస్పూరోడు ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని, "అరె, పటేలు నిజంగనే ఉతికిండుర బై! కెప్టెన్ అంటె గిట్లుండాలె!" అన్నాడు. నన్ను వాడు కెప్టెన్ అన్నది అదే మొదలు. ఆ సాయంత్రం నేను చెప్పక ముందే నీళ్లు వచ్చాయి, గీతలు పడ్డాయి. పట్లకు నిలబడితే, చేతులు కలిపిన గొలుసు నా మాట మీద కదిలింది. "ఎనుకకు" అంటే వెనక్కి, "ముయ్యి" అంటే మూసుకుంది. అలా మాట వినేవాళ్లు మా బాపుకు కూడా ఎప్పుడూ దొరకలేదు. ఆయన మాటకు జనం భయపడేవారు. ఇది వేరు. ఇంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు.

ఆట అయ్యాక కూతగాడు కుండలు కడుగుతూ ఆగాడు. అందరూ వెళ్లేదాకా చూశాడు.

"మా అవ్వ ముట్టలే వాటిని" అన్నాడు. అవ్వ అంటే వాళ్ల అమ్మ.

నేను చేతిలోని బనీనును మళ్లీ మడిచాను.

"వాగు కాడ మూట విప్పితె ఎల్లినయి. 'పటేలింట్ల ఇన్ని బనీన్లెక్కడియి?' అన్నది మా అవ్వ. అవి నా దోస్తులయి, నేనుతుకుత అని గుంజుకున్న. ఆమెకు చెప్పలే. ఎవలకు చెప్పలే."

"చెప్తవా?"

"నేనెందుకు చెప్త? నువ్వు చెప్పు."

"ఇప్పుడు చెప్తె జట్టు చెదిరిపోతదిరా. సనివారం సారు వస్తడు. కరీంనగర్ పోయి రానీ. వచ్చినంక అందరి ముంగట చెప్త. ఒట్టు."

వాడు కుండ బోర్లించాడు. "నీ ఇష్టం. కెప్టెన్వి గదా" అన్నాడు. ఆ మాటలో వెక్కిరింత వెతికాను. లేదు. నన్ను నమ్మాడు. అదే నాకు ఇవాళ్టికీ మింగుడు పడదు.

శనివారం సారు వచ్చాడు. చెప్పులు విప్పి మట్టిలో అరికాళ్లతో నడిచాడు. పన్నెండు మందిని లెక్కపెట్టాడు. "షాబాష్" అన్నాడు. మా పేరు పోయింది.

కరీంనగర్‌లో ఒక బడి వరండాలో దిగాం. మొదటి ఆట గెలిచాం. గెలిపించింది కూతగాడు. రెండో సగంలో మా వాళ్లు నలుగురు బయట కూర్చుని ఉండగా, వాడు ఒకసారి పోయి ఇద్దర్ని, మరోసారి పోయి ఇద్దర్ని ముట్టి వచ్చి, నలుగురినీ లోపలికి లేపాడు. అందరం వాణ్ణి ఎత్తుకున్నాం. బనీన్లు మళ్లీ బురద. రెండో ఆట మరునాడు.

వాడు పన్నెండింటినీ పోగేసి నా చేతుల్లో పెట్టాడు. "చీటీల ఇంక నీ వంతే ఉన్నది" అన్నాడు. అక్కడ మా ఇల్లు లేదు, దుప్పట్లు లేవు. నల్లా దగ్గర ఒక బండ ఉంది. కూర్చున్నాను. వాడు పిట్టగోడ మీద కూర్చుని చూశాడు.

"గట్ల గీరితె పోదు. నానబెట్టు ముందు."

నానబెట్టాను.

"ఇప్పుడు తిప్పి కొట్టు. అరె, బండను కొట్టాలె, నీ మోకాలు గాదు!"

మూడో దానికి నడుము పట్టేసింది. ఐదో దానికి వేళ్లు మండాయి. వాడు దిగి సాయం పట్టలేదు. కానీ పిండేటప్పుడు రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరం చెరోవైపు మెలితిప్పుతుంటే నీళ్లు మా కాళ్ల మీద పడ్డాయి. "మీ అవ్వ ఎన్ని ఉతుకుతది రోజుకు?" అని అడిగాను. "లెక్కబెట్టదు" అన్నాడు. ఆ ఒక్కసారి నేను చెబుతాననే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అప్పుడే సారు వరండాలోంచి అటు వచ్చి, మమ్మల్ని చూసి, తల ఊపి వెళ్లాడు.

రెండో ఆటలో అంపైరు మాకు అన్యాయం చేశాడని చెబుతాను. పాపం, ఆయన ఏమీ చేయలేదు. చివరి నిమిషాల్లో మేం రెండు పాయింట్లు వెనక ఉన్నాం. కూత మాది. ఎదుటి పక్క నలుగురున్నారు. ఎవరు పోవాలో చెప్పాల్సింది నేను. కూతగాడు అప్పటికే మధ్య గీత దగ్గరికి వచ్చి చేతులకు మట్టి రాసుకుంటున్నాడు.

"నేను పోత" అన్నాను.

మగ్గాల ఇంటివాడు నా చెయ్యి పట్టాడు. "పాగల్ అయినవా? వాన్ని పోనీ."

"కెప్టెన్ను. నేను పోత."

ఎందుకు వెళ్లానో ఎవరికీ చెప్పలేదు. ఆ పాయింట్లు నేను తెస్తే, ఊరికి పోయాక బనీన్ల సంగతి చెప్పినా నా విలువ పెద్దగా తగ్గదని లెక్క వేసుకున్నాను. గెలిపించినవాణ్ణి ఎవరు తిడతారు? కూత పట్టి వెళ్లాను. వాళ్లు నన్ను లోపలికి రానిచ్చారు. పది అడుగులు. నా దమ్ము ఎప్పుడూ తెగే చోటే తెగింది. ఎవరూ పట్టుకోకుండానే ఔటయ్యాను. మూడు పాయింట్లతో ఓడిపోయాం.

బస్సులో ఎవరూ నన్నేమీ అనలేదు. నస్పూరోడు నా భుజం తట్టి, "ఫికర్ చెయ్యకు. కెప్టెన్ ముంగట పడి పోయిండు, ఎవడో ఒకడు పోవాలె గదా" అన్నాడు. బనీన్లు ఉతికిన మనిషి కదా, ఆ ఒక్క తప్పు క్షమించారు. కూతగాడు కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నాడు. నాకు పక్కన చోటు ఉంచాడు. నేను వెళ్లి కూర్చున్నాను.

సోమవారం పొద్దున ప్రార్థనలో సారు ముందుకు వచ్చాడు. బడంతా వరసల్లో నిలబడి ఉంది.

"మనోళ్లు రెండో ఆట ఓడిపోయిన్రు. అయితె ఏమాయె? నేనొక్క ముచ్చట చెప్త, వినుండ్రి. గీ పిల్లగాడు పటేలు కొడుకు. కరీంనగర్ల నల్లా కాడ కూసోని, జట్టోళ్ల బనీన్లు తన చేతులతోని ఉతికిండు. నా కండ్లతోని చూసిన. గీనె కెప్టెన్!"

వరసలోంచి నస్పూరోడు అరిచాడు. "గాడ ఒక్కసారి గాదు సార్! గీడ గూడ ఉతికిండు!"

"షాబాష్! ముందుకు రా."

వెళ్లాను. చప్పట్లు మొదలయ్యాయి. మా జట్టువాళ్లు పక్క వరసలో ఉన్నారు. కూతగాడు నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు. పట్లలో నిలబడినప్పుడు పక్కవాడు చెయ్యి ఇస్తాడా ఇవ్వడా అని చూస్తాం కదా, అలా. అందరి ముందు చెబుతానన్నాను, అందరూ ఉన్నారు. ఒక్క మాట చాలు. "ఇక్కడ ఉతికింది నేను కాదు, వాడు." నాలుకదాకా వచ్చింది. దాని పక్కనే ఇంకోటి వచ్చింది. వాగు, దుప్పట్ల అడుగు, వాళ్ల అమ్మ, అన్నీ చెప్పాలి. రేపు చెబుదాం, జట్టువాళ్లకు మాత్రమే చెబుదాం, ఇంత మంది ఎందుకు.

తల దించుకున్నాను. అణకువ అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

తల ఎత్తేసరికి కూతగాడు కూడా కొడుతున్నాడు. అందరితో పాటే మొదలుపెట్టాడో, నేను తల దించాక మొదలుపెట్టాడో తెలియదు. నన్ను చూడటం లేదు. ముందున్నవాడి వీపు చూస్తూ కొడుతున్నాడు.

సాయంత్రం గ్రౌండుకు వాడు రాలేదు. కొత్త వారం, చీటీలు వేయాలి. పదకొండు మందిమి గుండ్రంగా కూర్చున్నాం. నేను వెళ్లాల్సింది. నస్పూరోణ్ణి పంపాను. వాడు కాసేపటికి ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఏమన్నడు?"

"వాళ్లవ్వతోని వాగుకు పోయిండట. ఇగ రోజు పోవాలెనట. పని ఉన్నదట."

"నన్నేమన్న అన్నడా?"

"నిన్నేమంటడు? నీకు చెప్పుమన్నది ఏం లేదన్నడు."

మగ్గాల ఇంటివాడు నన్ను చూశాడు. వాడికి తెలుసో లేదో నాకు ఎప్పుడూ తెలియలేదు. అడిగే ధైర్యం రాలేదు. వాగు అక్కణ్ణుంచి పరుగెత్తితే ఒక కూత దూరం. నేను టోపీలోంచి వాడి వంతుకు వేసిన పన్నెండో చీటీ తీసి చించేసి, మిగిలినవి కలిపాను.

"ఇగ తియ్యుండ్రి" అన్నాను.